ధరల పెరుగుదలను తీసేయడం కాదు, దానితో భాగించాలి

2024 అక్టోబరులో ఒకాయన రిటైర్మెంటు డబ్బులోంచి 5 లక్షలు తీసి బ్యాంకులో ఏడాదికి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారనుకుందాం. వడ్డీ 7 శాతం. అదే నెలకు దేశంలో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 6.21 శాతం. పేపర్లో ఈ రెండు అంకెలూ చూసినవాళ్లు చాలామంది వేసే లెక్క ఒకటే: ఏడులోంచి ఆరూ పాయింటు రెండు తీసేస్తే ఒక శాతం కూడా మిగలడం లేదు కదా అని. ఈ లెక్కలో నాలుగు సవరణలు కావాలి. కొన్ని చిన్నవి, ఒకటి చాలా పెద్దది. అన్నీ ఒకే సూత్రంలోంచి వస్తాయి. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరు మీద దాన్ని ఫిషర్ సమీకరణం అంటారు.

మొదట వడ్డీనే సరిచేసుకోవాలి. మన బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద మామూలుగా మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి. ఒక్కో మూడు నెలలకు 1.75 శాతం చొప్పున నాలుగుసార్లు కలిస్తే ఏడాది చివర చేతికొచ్చేది 7 కాదు, 7.19 శాతం. మన ఉదాహరణలో 5 లక్షలు 5,35,930 రూపాయలవుతాయి. ఇది పైకి కనిపించే వడ్డీ, అంటే రూపాయల్లో లెక్కపెట్టిన వడ్డీ. ఆ రూపాయలతో ఏం కొనగలమన్నది దీంట్లో లేదు. అది చెప్పేది వాస్తవ వడ్డీ.

అది తెలియాలంటే డబ్బును కాసేపు పక్కనపెట్టి సరుకుల్లో లెక్కపెట్టాలి. ఆయన ఇంట్లో నెల ఖర్చు 10,000 రూపాయలు అనుకుందాం. డిపాజిట్ చేసిన రోజున ఆ 5 లక్షలు సరిగ్గా 50 నెలల ఖర్చుకు సరిపోయేవి. ఏడాదిలో ధరలు 6.21 శాతం పెరిగాయనుకుంటే అదే సరుకులకు నెలకు 10,621 రూపాయలు కావాలి. చేతిలో ఉన్న 5,35,930 రూపాయలను 10,621తో భాగిస్తే 50.46 నెలలు. అంటే ఏడాది పాటు డబ్బు ముట్టుకోకుండా ఉంచినందుకు ఆయనకు దక్కింది అర నెల ఖర్చు కంటే కాస్త తక్కువ. 50 మీద 0.46 అంటే 0.92 శాతం. ఆయన వాస్తవ వడ్డీ అదీ.

ఇదే లెక్కను గుర్తుల్లో రాస్తే ఫిషర్ సమీకరణం అవుతుంది. వాస్తవ వడ్డీని r అని, పైకి కనిపించే వడ్డీని i అని, ద్రవ్యోల్బణాన్ని π అని రాస్తారు:

```
1 + r = (1 + i) / (1 + π)
```

ఇక్కడ శాతాలను దశాంశాలుగా వేయాలి: 7.19 శాతాన్ని 0.0719 అని, 6.21 శాతాన్ని 0.0621 అని. కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లు తొందరలో 7.19 అని, 6.21 అని నేరుగా వేసేస్తే జవాబు 13 శాతం పైన వస్తుంది. బ్యాంకు ఇచ్చే వడ్డీ కంటే వాస్తవ వడ్డీ ఎక్కువ కనిపించిందంటే, ధరలు తగ్గిన ఏడాది అయితే తప్ప, లెక్కలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే.

మరి తీసివేస్తే ఏమొస్తుంది? 7.19లోంచి 6.21 పోతే 0.98. అసలు జవాబు 0.92. ఈ కాస్త తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే సూత్రం మొత్తం అర్థమైనట్టే. నిరుటి 5 లక్షల సరుకులు ఇప్పుడు కొనాలంటే 5,31,050 రూపాయలు కావాలి. చేతిలో 5,35,930 ఉన్నాయి. మిగులు 4,880 రూపాయలు. తీసివేత ఇక్కడితో ఆగిపోయి, 5 లక్షల మీద 4,880 అంటే 0.98 శాతం అని తేల్చేస్తుంది. కానీ ఆ మిగిలిన 4,880 కూడా ఈ ఏడాది రూపాయలే. వాటితో సరుకులు కొనాల్సింది పెరిగిన ధరలకే. నిరుటి ధరల్లో వాటి విలువ 4,595 రూపాయలు మాత్రమే. తీసివేత నిరుటి రూపాయినీ ఈ ఏటి రూపాయినీ ఒకటిగా చూస్తుంది. భాగహారం అలా చూడదు. అందుకే అదే సూత్రాన్ని ఇలా కూడా రాయవచ్చు:

```
r = (i - π) / (1 + π)
```

పైన ఉన్నది మనందరికీ అలవాటైన తీసివేతే. కింద ఉన్న 1 + π ఆ మిగులును పాత ధరల్లోకి మారుస్తుంది. దీన్నిబట్టి ఒక తనిఖీ దొరుకుతుంది. ధరలు పెరుగుతున్నంత కాలం కచ్చితమైన జవాబు తీసివేతలో వచ్చిన జవాబు కంటే ఎప్పుడూ సున్నాకు దగ్గరగా ఉంటుంది. లాభమైతే లాభం కాస్త తక్కువ, నష్టమైతే నష్టం కాస్త తక్కువ. ధరలు తగ్గుతున్నప్పుడు ఇది తిరగబడుతుంది. దాని సంగతి చివర్లో మిరపకాయల దగ్గర చూద్దాం.

ద్రవ్యోల్బణం ఐదారు శాతం ఉన్న దేశంలో ఈ తేడా వందల రూపాయల్లోనే ఉంటుంది, నోటిలెక్కకు తీసివేత చాలు. ధరలు అదుపు తప్పితే మాత్రం తీసివేత మనిషిని పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. 2022 అక్టోబరులో టర్కీలో వార్షిక ద్రవ్యోల్బణం 85.51 శాతం. అదే నెలలో అక్కడి కేంద్ర బ్యాంకు తన విధాన వడ్డీని 12 నుంచి 10.5 శాతానికి తగ్గించింది. ఇంత ధరల మంటలో వడ్డీ తగ్గించడమేమిటన్న చర్చను అలా ఉంచి, లెక్క చూద్దాం. 10.5లోంచి 85.51 తీసేస్తే మైనస్ 75. అంటే ఆ వడ్డీకి 100 లీరాలు దాచుకున్నవాడికి 25 లీరాల కొనుగోలు శక్తే మిగిలిందని అర్థం వస్తుంది. నిజంగా మిగిలింది ఎంత? 110.5ను 1.8551తో భాగిస్తే 59.57. అంటే వాస్తవ వడ్డీ మైనస్ 40.4 శాతం. సగానికి దగ్గరగా ఆవిరైపోవడం చిన్న దెబ్బేమీ కాదు. అయినా ముప్పావు భాగం పోవడం వేరు, ఐదింట రెండు వంతులు పోవడం వేరు. ధరలు ఏడాదిలో మూడింతలైతే, అంటే ద్రవ్యోల్బణం 200 శాతమైతే, తీసివేత మైనస్ 190 అంటుంది. దాచుకున్నదానికి దాదాపు రెట్టింపు పోయిందనడానికి అర్థమే లేదు. ధరలు ఎంత పెరిగినా డబ్బు విలువ సున్నాకు చేరువవుతుందే గానీ సున్నా కిందకు పోదు. భాగహారంలో ఆ హద్దు దానంతటదే ఉంటుంది.

ఇక ఆ పెద్ద సవరణ. మన డిపాజిట్‌దారు లెక్కలో వాడిన 6.21 శాతం ఏ ఏడాదిది? 2024 అక్టోబరు ద్రవ్యోల్బణం అంటే 2023 అక్టోబరుతో పోలిస్తే 2024 అక్టోబరులో ధరలు ఎంత పెరిగాయన్నది. అంటే డిపాజిట్ చేయడానికి ముందు గడిచిపోయిన ఏడాది. ఆయన డబ్బు బ్యాంకులో ఉన్నది మాత్రం ఆ తరువాతి ఏడాది. పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ ఈరోజు వడ్డీని నిన్నటి ద్రవ్యోల్బణంతో పోల్చి వాస్తవ వడ్డీ ఇంతని చెప్పేస్తుంటారు. నాకు ఇది తీసివేత కంటే చాలా పెద్ద తప్పుగా కనిపిస్తుంది, ఎందుకంటే తీసివేత తేడా వందల్లో ఉంటే ఈ తేడా వేలల్లో ఉంటుంది.

జరిగిందేమిటో చూడండి. 2024 అక్టోబరు అంకె అంత ఎక్కువగా ఉండడానికి ముఖ్య కారణం కూరగాయలు. వాటి ధరలు ఏడాదిలో 42 శాతం పెరిగాయి. టమాటా, ఉల్లి ధరలు చూసి అందరం నిట్టూర్చిన కాలమది. మరుసటి ఏడాది పంటలు బాగా వచ్చాయి, కూరగాయల ధరలు 27 శాతానికి పైగా పడిపోయాయి. సెప్టెంబరులో జీఎస్టీ రేట్లూ తగ్గాయి. 2025 అక్టోబరు నాటికి దేశ ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012 ఆధార సంవత్సరంగా లెక్కించిన ఆ సూచీలో అంత తక్కువ అంకె అంతకుముందు నమోదు కాలేదు. ఆయన డిపాజిట్ మెచ్యూర్ అయింది అప్పుడే. సరైన అంకెతో భాగిస్తే 1.0719 బై 1.0025, వాస్తవ వడ్డీ 6.92 శాతం. ఒకటే రసీదు, ఒకటే వడ్డీ. వెనకటి ఏడాది ద్రవ్యోల్బణంతో చూస్తే ఒక శాతం కూడా రాలేదు, డబ్బు నిజంగా బ్యాంకులో ఉన్న ఏడాదితో చూస్తే దాదాపు ఏడు శాతం.

డిపాజిట్ చేసే రోజున రాబోయే ఏడాది ధరలు ఎవరికీ తెలియవు కాబట్టి ఆ రోజు వేసేది అంచనా లెక్క, గడువు తీరాక వేసేది అసలు లెక్క. సూత్రం రెంటికీ ఒకటే, π దగ్గర పెట్టే అంకె మాత్రం వేరు. అంచనా కోసం జనాన్నే అడిగే పద్ధతి కూడా ఉంది. రిజర్వు బ్యాంకు హైదరాబాద్ సహా పలు నగరాల్లో కుటుంబాలను పలకరించి, రాబోయే రోజుల్లో ధరలు ఎంత పెరుగుతాయనుకుంటున్నారని సర్వే చేస్తుంటుంది. ఆ సర్వేలో జనం చెప్పే అంకె సాధారణంగా సూచీ చూపే అంకె కంటే ఎక్కువగానే ఉంటుంది. రోజూ కొనే పాలు, కూరలు, గ్యాసే మనసులో ముందుంటాయి మరి.

ఈ అంచనా సంగతిని పరీక్షించడానికి ఫిషర్ మన రూపాయినే వాడుకున్నాడని చాలామందికి తెలియదు. 1896లో ఆయన రాసిన ‘అప్రీసియేషన్ అండ్ ఇంటరెస్ట్’ అనే రచనలో భారత ప్రభుత్వ రుణపత్రాల లెక్కలున్నాయి. అప్పటి రూపాయి వెండి నాణెం, బ్రిటిష్ పౌండు బంగారంతో ముడిపడింది. భారత ప్రభుత్వం రెండు నాణేల్లోనూ అప్పు చేసేది. రూపాయల్లో తీర్చే పత్రాలు, పౌండ్లలో తీర్చే పత్రాలు, రెండూ లండన్ మార్కెట్లో చేతులు మారేవి. అప్పు తీసుకున్నది ఒకే ప్రభుత్వం కాబట్టి ఎగవేత భయం రెంటికీ సమానమే. వాటి వడ్డీల్లో తేడా ఉందంటే, అది రూపాయి విలువ ముందు ముందు ఎంత పడిపోతుందని జనం అనుకుంటున్నారో చెప్పే తేడా. 1870ల మొదట్లో రూపాయికి దాదాపు రెండు షిల్లింగులు వచ్చేవి. 1892-93 నాటికి అది షిల్లింగు మూడు పెన్నీలకు పడిపోయింది. రూపాయి పత్రాల మీద వడ్డీ బంగారు పత్రాల కంటే ఎక్కువగా ఉండటం, రూపాయి వేగంగా పడినప్పుడు ఆ తేడా పెరగడం ఫిషర్ గమనించాడు. కానీ జనం ముందుచూపు పూర్తిగా పనిచేయలేదని, నాణెం విలువ మారినంతగా వడ్డీ మారలేదని కూడా ఆయన తేల్చాడు. 2024లో మన డిపాజిట్‌దారు పరిస్థితీ అదే. రాబోయే ధరలను బ్యాంకూ సరిగ్గా ఊహించలేదు, ఆయనా ఊహించలేదు.

నాలుగో సవరణ పన్ను. ఆదాయపు పన్ను శాఖ పన్ను వేసేది వాస్తవ వడ్డీ మీద కాదు, రూపాయల్లో వచ్చిన మొత్తం వడ్డీ మీద. మన ఉదాహరణలో ఆయన 20 శాతం శ్లాబులో ఉన్నారనుకుంటే సెస్సుతో కలిపి 20.8 శాతం. 35,930 రూపాయల వడ్డీలో సుమారు 7,473 పన్నుకు పోయి 28,457 మిగులుతాయి. అంటే చేతికొచ్చేది 5.69 శాతం. ఫిషర్ సూత్రంలో i దగ్గర పెట్టాల్సింది దీన్నే. ధరలు 6.21 శాతమే పెరిగి ఉంటే వాస్తవ వడ్డీ మైనస్ 0.49 శాతం అయ్యేది. 50 నెలల ఖర్చుతో మొదలుపెట్టిన మనిషి, వడ్డీ వచ్చిందని పన్ను కట్టి, 49.76 నెలల ఖర్చుతో మిగిలేవాడు. ఆయన డబ్బు విలువ తగ్గింది, అయినా పన్ను కట్టాడు. ఆ మాట రికార్డుల్లో ఎక్కడా కనిపించదు, ఎందుకంటే రికార్డుల్లో ఉన్నవి రూపాయలే. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. వడ్డీలో ధరల పెరుగుదలను పూడ్చే భాగం ఆదాయం కాదు, అది అసలు తగ్గకుండా కాచే భాగం. 2025లో నిజంగా జరిగిన 0.25 శాతంతో చూస్తే మాత్రం పన్ను పోను కూడా 5.43 శాతం మిగిలింది. మంచి ఏడాది.

ఆ మంచి ఏడాది చూసి రెన్యూ చేసేటప్పుడు ఈ లెక్కనే వెనక్కి తిప్పవచ్చు. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును వరసగా తగ్గించడంతో డిపాజిట్ల వడ్డీలూ దిగాయి. కొత్త వడ్డీ 6.5 శాతం అనుకుందాం. మూడు నెలలకోసారి కలిపితే 6.66, పన్ను పోను 5.27. కాబట్టి రాబోయే ఏడాదిలో ధరలు 5.27 శాతం కంటే ఎక్కువ పెరిగితే ఆయనకు నష్టం, తక్కువ పెరిగితే లాభం. రిజర్వు బ్యాంకు లక్ష్యంగా పెట్టుకున్న 4 శాతం దగ్గర ద్రవ్యోల్బణం నిలిస్తే 1.0527 బై 1.04, వాస్తవంగా 1.2 శాతం దక్కుతుంది. వడ్డీ తగ్గిందని బాధపడాలా వద్దా అన్నది బ్యాంకు బోర్డు మీది అంకెను బట్టి తేలదు. ఈ 5.27కూ రాబోయే ధరలకూ మధ్య ఉన్న దూరాన్ని బట్టి తేలుతుంది.

ఇంతవరకూ చూసింది డబ్బు దాచుకునేవాడి వైపు నుంచి. అప్పు తీసుకునేవాడి వైపు ఇదే సూత్రం ఇంకా పదునుగా కోస్తుంది. మన పల్లెల్లో వడ్డీని ఏడాదికి శాతాల్లో చెప్పరు, నూటికి నెలకు ఇంత రూపాయలని చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. గుంటూరు ప్రాంతంలో ఒక మిర్చి రైతు 2024 ఫిబ్రవరిలో ఆ వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చి, ఏడాది తిరిగాక 1,24,000 తీర్చాలనుకుందాం. 2025 ఫిబ్రవరిలో దేశ ద్రవ్యోల్బణం 3.61 శాతం. 1.24ను 1.0361తో భాగిస్తే వాస్తవ వడ్డీ 19.7 శాతం. భారమే, కానీ పల్లెటూరి అప్పుల్లో మామూలుగా కనిపించే భారం.

అయితే ఆ రైతు అప్పు తీర్చేది సూచీలోని సరుకులు అమ్మి కాదు, మిరపకాయలు అమ్మి. అప్పు తెచ్చిన రోజున క్వింటాలు ధర 20,000 రూపాయలు అనుకుంటే లక్ష అంటే ఐదు క్వింటాళ్లు. 2025 ఫిబ్రవరికి మిర్చి ధర ఎంత పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలని ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ ధర దక్కిందనే అనుకున్నా 1,24,000 తీర్చడానికి పదిన్నర క్వింటాళ్లు అమ్మాలి. ఐదు తెచ్చుకుని పదిన్నర తిరిగి ఇవ్వడం. మిరపకాయల్లో లెక్కపెడితే ఆయన కట్టిన వాస్తవ వడ్డీ 110 శాతం.

ఇక్కడ ధర 41.1 శాతం పడింది కాబట్టి π మైనస్. తీసివేతతో చేస్తే 24కు 41.1 కలిపి 65 శాతం అని వస్తుంది. కచ్చితమైన సూత్రంలో 1.24ను 0.589తో భాగించాలి. ఒకటి కంటే చిన్న అంకెతో భాగిస్తే జవాబు పెరుగుతుంది. ధరలు పడేటప్పుడు తనిఖీ తిరగబడుతుందని ముందు చెప్పింది ఇదే: తీసివేత ఇప్పుడు భారాన్ని సగానికి దగ్గరగా తగ్గించి చూపిస్తోంది. ధరలు పడిపోతుంటే అప్పులు తీరుస్తున్న కొద్దీ బరువెక్కుతాయని ఫిషర్ 1933లో, మహా మాంద్యం నడుమ, ఒక వ్యాసంలో వివరించాడు. మిర్చి యార్డులో అది ఒక పంటకే, ఒక రైతుకే జరుగుతుంది, దేశ ద్రవ్యోల్బణం అంకెలో ఆనవాలు కూడా కనిపించదు.

ఈ రెండు అంకెల్లో ఏది నిజమని అడిగితే, రెండూ నిజమే, అవి చెప్పేవి వేరు. రైతు ఇంట్లో కొనే బియ్యం, మందులు, పిల్లల ఫీజులు దేశ సూచీతో నడుస్తాయి. అప్పిచ్చినవాడికి ఎంత లాభమొచ్చిందో చెప్పేది 19.7 శాతమే, ఆయన ఆ డబ్బుతో కొనేది మిరపకాయలు కాదు కాబట్టి. తీర్చే శక్తి మాత్రం అమ్మే పంట ధరతో నడుస్తుంది, దాన్ని చెప్పేది 110 శాతం. పంట రుణానికి వాస్తవ వడ్డీ వేసేటప్పుడు π దగ్గర ఆ పంట ధరలో వచ్చిన మార్పును కూడా ఒకసారి పెట్టి చూడాలి. గుంటూరు యార్డు ధరలు రోజూ పేపర్లో వస్తాయి. అప్పు తెచ్చిన రోజు ధర ఒకటి, తీర్చే రోజు ధర ఒకటి ఉంటే ఆ లెక్కకు చాలు.